గాజు దాచిన కాకి

రెండు మూడేళ్ల పిల్లల బొమ్మల పుస్తకంలో పేజీకి రెండు పాదాలు చాలు. మెరిసేవన్నీ ఏరుకునే కాకి కథనే తీసుకుందాం.

‘కాకి చూసింది గాజు, గూట్లో పెట్టింది రోజు’ అని రాస్తే ప్రాస కుదిరినట్టే ఉంటుంది. కానీ ‘రోజూ’ అనే మాటను ప్రాస కోసం కుదించారు. బయటికి చదివే అమ్మ సరిగ్గా అక్కడే తడబడుతుంది.

ఇలా మారిస్తే:

మెరిసే గాజును తెచ్చింది,
మెత్తగ గూట్లో దాచింది.

రెండు పాదాలూ నాలుగు, నాలుగు, అయిదు మాత్రల నడకే. తెలుగు క్రియలు చివర్లో ప్రాసను వాటంతటవే ఇస్తాయి. పేజీ తిప్పేలోపు పిల్లలే ‘దాచింది’ అని అందుకుంటారు.

నీతిని కూడా పనిలోనే చూపాలి. ‘దొంగతనం తప్పు’ అన్న వాక్యం ఆ వయసుకు అందదు, ఏడుపు అందుతుంది.

ఏడ్చే పాపను చూసింది,
గాజును వెనక్కి ఇచ్చింది.

కాకిని ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. బొమ్మలో పాప నవ్వితే చాలు.

అన్నట్టు, మెరుపు మోజు కథల్లోదే. కాకి జాతికే చెందిన మాగ్‌పై పక్షులపై ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రయోగ ఫలితాలు ప్రకటించారు. గింజల పక్కన మెరిసే మరలు పెడితే, అవి దగ్గరికి రావడానికే జంకాయి.