పంపిన లింకు పరాయివారికి తెరుచుకుంటుందా?

గూగుల్ డ్రైవ్‌లో ఉన్న ఫైలు లింకును వాట్సాప్‌లో పంపితే అవతలివారికి చేరేది ఫైలు కాదు, దాని చిరునామా మాత్రమే. ఆ చిరునామాకు వచ్చినవారిలో ఎవరిని లోపలికి రానివ్వాలన్నది గూగుల్ దగ్గర విడిగా రాసి ఉంటుంది. లింకు నొక్కిన ప్రతిసారీ సర్వరు రెండు సంగతులు చూస్తుంది. ఈ ఫైలును ఎవరెవరికి తెరవమన్నారు? ఇప్పుడు అడుగుతున్నది ఎవరు? ఈ రెండింటికీ పొంతన కుదిరితేనే ఫైలు తెరుచుకుంటుంది.

అడుగుతున్నది ఎవరో సర్వరుకు చెప్పేది కుకీ. జీమెయిల్‌లోకి ఒకసారి సైన్ ఇన్ అయితే గూగుల్ ఒక చిన్న గుర్తును బ్రౌజర్‌లో దాచి ఉంచుతుంది. దాన్నే కుకీ అంటారు. ఆ తర్వాత గూగుల్‌కు చెందిన ఏ పేజీ తెరిచినా బ్రౌజర్ ఆ గుర్తును తనంతట తానే చూపిస్తుంది. పాస్‌వర్డు మళ్లీ మళ్లీ అడగకపోవడానికి కారణం ఇదే. లింకు పంపినవారు తామే దాన్ని నొక్కి చూసుకుని సరిగ్గానే ఉందనుకుని మోసపోవడానికి కారణం కూడా ఇదే. ఫైలు యజమానికి అది ఎప్పుడూ తెరుచుకుంటుంది. లోకంలో మరెవరికీ అనుమతి లేకపోయినా తెరుచుకుంటుంది. కాబట్టి యజమాని తన మామూలు విండోలో చేసే పరీక్షకు విలువ లేదు.

విలువ ఉండాలంటే ఆ గుర్తు లేకుండా వెళ్లి తలుపు తట్టాలి. అందుకు జీమెయిల్ నుంచి సైన్ అవుట్ కానక్కర్లేదు, వేరే ఫోను తేనక్కర్లేదు. బ్రౌజర్‌లోనే ఉన్న ప్రైవేట్ విండో చాలు. క్రోమ్‌లో దీన్ని ఇన్‌కాగ్నిటో అంటారు, ఎడ్జ్‌లో ఇన్‌ప్రైవేట్ అంటారు. కంప్యూటర్ మీద ఈ రెండింటిలోనూ Ctrl+Shift+N నొక్కితే వస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో Ctrl+Shift+P నొక్కాలి. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌లో పైన ఉండే మూడు చుక్కల మెనూలో దొరుకుతుంది. ఈ విండో మామూలు విండోలోని కుకీలను ముట్టుకోదు, ఖాళీ చేతులతో మొదలవుతుంది. అందుకే ఇందులో లింకు తెరిస్తే గూగుల్‌కు కనిపించేది ఫైలు యజమాని కాదు, ఖాతా ఏదీ లేని ఎవరో ఒకరు. పరీక్షకు కావలసింది సరిగ్గా అదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రభుత్వ పాఠశాల పూర్వ విద్యార్థులు కొందరు కలిసి పదో తరగతి పాసైన పిల్లలకు ఉపకార వేతనం ఇవ్వదలచారు. నియమాలను పీడీఎఫ్‌గా డ్రైవ్‌లో పెట్టారు, దరఖాస్తుకు గూగుల్ ఫారం తయారు చేశారు. రెండు లింకులనూ ఒకే సందేశంలో ఊళ్లోని గ్రూపులకు పంపాలి. చదివేవారిలో చాలామంది తల్లిదండ్రులు, తాతయ్యలు. ఫోనులో జీమెయిల్ ఖాతా ఉన్నా దాని పాస్‌వర్డు గుర్తుండదు. వారి ముందు సైన్ ఇన్ పేజీ ప్రత్యక్షమైతే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. సంఘంవారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. తెరుచుకోని లింకు గురించి ఫిర్యాదు చేసేవారు తక్కువ, వదిలేసేవారే ఎక్కువ.

సందేశాన్ని గ్రూపులకు పంపే ముందు తనకు తానే పంపుకుని, అందులోంచి లింకును కాపీ చేసి ప్రైవేట్ విండోలో అతికించడం మంచి పద్ధతి. డ్రైవ్‌లోంచి కొత్తగా కాపీ చేసిన లింకు కాకుండా, సందేశంలో ఉన్న లింకునే పరీక్షించాలి. చివర ఒక అక్షరం తెగిపోయినా, వేరే ఫైలు లింకు అతికినా ఇలాగే బయటపడుతుంది. ఫోనులో అయితే లింకు మీద నేరుగా నొక్కకూడదు. నొక్కితే డ్రైవ్ యాప్ తెరుచుకుని, అందులో ఉన్న ఖాతాతోనే ఫైలును చూపించే వీలుంది. అప్పుడు పరీక్ష మొదటికొస్తుంది. వేలితో నొక్కిపట్టి, కాపీ చేసి, ఇన్‌కాగ్నిటో ట్యాబులో అతికించాలి.

పీడీఎఫ్ లింకును అలా తెరిస్తే నియమాలకు బదులు గూగుల్ సైన్ ఇన్ పేజీ వచ్చిందనుకుందాం. పైన అడ్రస్ బార్‌లో accounts.google.com అని కనిపిస్తుంది. ఫైలు Restricted స్థితిలో ఉందని దీని అర్థం. డ్రైవ్‌లో కొత్త ఫైలు మామూలుగా ఈ స్థితిలోనే పుడుతుంది. లింకును కాపీ చేసినంత మాత్రాన అనుమతి మారదు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఇదే లింకును వేరే జీమెయిల్ ఖాతాలో ఉన్న మనిషి తెరిస్తే సైన్ ఇన్ పేజీకి బదులు You need access అనే మాట, అనుమతి కోరే బటను కనిపిస్తాయి. రూపం వేరైనా జబ్బు ఒకటే.

మందు యజమాని చేతిలోనే ఉంది. మామూలు విండోలో ఫైలు దగ్గర Share నొక్కితే General access అనే చోట Restricted అని ఉంటుంది. దాన్ని Anyone with the link అని మార్చాలి. ఆఫీసు, కాలేజీ ఖాతాలలో ఇక్కడ ఆ సంస్థ పేరుతో మరో ఎంపిక కూడా ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే తోటి ఉద్యోగులందరికీ తెరుచుకుంటుంది, బయటివారికి మాత్రం తెరుచుకోదు. పక్క సీటులోని మిత్రుడితో నొక్కించి చూసి నిశ్చింతగా ఉండేవారు దెబ్బతినేది ఈ ఎంపికతోనే. పక్కనే ఉండే పాత్ర Viewer అని ఉందో లేదో చూసుకోవాలి. అక్కడ Editor అని ఉంటే లింకు చేరిన ప్రతి ఒక్కరూ ఫైలును మార్చగలరు. పట్టికలు, డాక్యుమెంట్ల విషయంలో ఇది మరీ ప్రమాదం. ప్రైవేట్ విండోలో ఏదైనా ఒక గడిలో టైపు చేయబోతే ఈ సంగతి వెంటనే తేలిపోతుంది. అక్షరం పడిందంటే అనుమతి అవసరానికి మించి ఇచ్చినట్టే. కాబట్టి పరీక్ష రెండువైపులా చేయాలి. పరాయివారు చదవగలగాలి, చెరపలేకపోవాలి.

మార్చాక ప్రైవేట్ విండోలో పేజీని మళ్లీ తెరవాలి. ఈసారి నియమాలు కనిపించి, పై మూలన Sign in అనే బటను కూడా ఉంటే పరీక్ష నెగ్గినట్టు. ఆ బటను ముఖ్యమైన సాక్ష్యం. అక్కడ బటనుకు బదులు ఎవరి ఫొటోనో, పేరులోని మొదటి అక్షరమో కనిపిస్తే ఆ ప్రైవేట్ విండోలో ఎవరో సైన్ ఇన్ అయి ఉన్నారన్నమాట. క్రోమ్‌లో తెరిచి ఉన్న ఇన్‌కాగ్నిటో ట్యాబులన్నీ ఒకే కుకీల మూటను పంచుకుంటాయి. అరగంట కిందట ఒక ట్యాబులో జీమెయిల్ చూసుకుని ఉంటే, ఇప్పుడు తెరిచిన ట్యాబుకూ ఆ గుర్తు అందుతుంది. ఇన్‌కాగ్నిటో ట్యాబులు, విండోలు అన్నీ మూసేసి కొత్తది తెరిస్తేనే ఖాళీగా మొదలవుతుంది.

ఇక ఫారం. ఇందులో మొదట చూడవలసింది లింకు తోక.

```
https://docs.google.com/forms/d/.../edit
https://docs.google.com/forms/d/e/.../viewform
```

మొదటిది ఫారాన్ని తయారుచేసేవారి పేజీ, రెండోది నింపేవారి పేజీ. అడ్రస్ బార్‌లోంచి హడావిడిగా కాపీ చేస్తే మొదటిదే వస్తుంది. దరఖాస్తుదారులకు చేరవలసింది రెండోది. డ్రైవ్ ఫోల్డర్ల లింకులను అడ్రస్ బార్‌లోంచి తీసుకున్నప్పుడు మధ్యలో u/1 లాంటి ముక్క కూడా వచ్చేస్తుంటుంది. అది ఆ బ్రౌజర్‌లో సైన్ ఇన్ అయి ఉన్న రెండో ఖాతా అని చెప్పే గుర్తు. అవతలివారి బ్రౌజర్‌లో దానికి అర్థం లేదు. Share పెట్టెలో ఉండే Copy link బటనుతో తీసుకుంటే ఈ ఇబ్బంది రాదు.

తోక సరిగ్గా ఉన్నా మన ఉపకార వేతనం ఫారం ప్రైవేట్ విండోలో సైన్ ఇన్ అడిగింది. సెట్టింగులు చూస్తే Limit to 1 response అనేది ఆన్‌లో ఉంది. ఒక మనిషి ఒకసారే నింపేలా చూడాలంటే ఆ మనిషి ఎవరో గూగుల్‌కు తెలియాలి కదా, అందుకే సైన్ ఇన్ అడుగుతుంది. దాన్ని ఆపేసి మళ్లీ తెరిచినా అదే పేజీ. అసలు కారణం ప్రశ్నల్లో ఉంది. మార్కుల మెమో ఫొటోను జతచేయమనే ప్రశ్న ఒకటి పెట్టారు. ఫైలు జతచేసే ప్రశ్న ఒక్కటి ఉన్నా ఫారం నింపేవారు గూగుల్ ఖాతాలో ఉండి తీరాలి. ఈ నిబంధనను తప్పించే సెట్టింగు ఏదీ లేదు. ఆ ప్రశ్న తీసేయాలి, లేదా ఖాతా లేనివారిని వదులుకోవాలి. సంఘంవారికి తగిన దారి మొదటిదే. ఫారంలో హాల్ టికెట్ నంబరు, మార్కులు అడిగి, ఎంపికైనవారి నుంచి మాత్రమే మెమో నకలు తర్వాత తెప్పించుకోవచ్చు. నకలు దరఖాస్తులు రెండు మూడు వచ్చినా హాల్ టికెట్ నంబరు చూసి ఏరేయవచ్చు.

ఫారం తెరుచుకోగానే పని అయిపోయినట్టు కాదు. ప్రైవేట్ విండోలోనే ఒక ఉత్తుత్తి దరఖాస్తు చివరిదాకా నింపి పంపాలి, అది యజమాని వైపు చేరిందని చూసుకుని తీసేయాలి. ఫారంలో ఇంకేవైనా లింకులు ఉంటే వాటినీ అదే విండోలో ఒక్కొక్కటిగా నొక్కి చూడాలి. ఒక ఫైలుకు ఇచ్చిన అనుమతి దానిలో ఉన్న లింకులకు పాకదు. ఫోల్డరులో ఉంచిన షార్ట్‌కట్లదీ ఇదే కథ. ఫోల్డరు అందరికీ కనిపిస్తుంది, షార్ట్‌కట్ పేరూ కనిపిస్తుంది, నొక్కితే మాత్రం అసలు ఫైలు అనుమతి అడ్డొస్తుంది.

ప్రైవేట్ విండో చెప్పలేనివీ ఉన్నాయి. అది ఖాతాను దాస్తుంది కానీ ఇంటర్నెట్ కనెక్షన్‌ను మార్చదు. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నవారికే తెరుచుకునే పేజీ ఆఫీసులో కూర్చుని ప్రైవేట్ విండోలో తెరిచినా వస్తుంది, ఇంట్లో ఉన్నవారికి రాదు. అలాంటి అనుమానం ఉంటే ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఇన్‌కాగ్నిటోలో చూడాలి. దీనికి తిరకాసు కూడా ఒకటుంది. క్రోమ్ ఇన్‌కాగ్నిటోలో మూడోపక్షం కుకీలను మామూలుగా అడ్డుకుంటుంది. అందుకని వేరే సైటు పేజీలో పొదిగిన పెట్టె ఒక్కోసారి ఇక్కడ పనిచేయకపోయినా బయటివారికి చక్కగా పనిచేయవచ్చు. అప్పుడు పొదిగినదాని అసలు లింకును విడిగా తెరిచి చూస్తే తప్పు అనుమతిదో కాదో తేలుతుంది.

లింకు ఒకసారి నెగ్గితే ఎప్పటికీ నెగ్గినట్టు కాదు. ఫైలును మరో ఫోల్డరులోకి జరిపితే పాత ఫోల్డరు ద్వారా దానికి వచ్చిన అనుమతులు పోవచ్చు. నియమాలలో తేదీ మారిందని పాత పీడీఎఫ్‌ను తీసేసి కొత్తది ఎక్కిస్తే అది వేరే చిరునామా ఉన్న వేరే ఫైలు అవుతుంది, ఊరంతా తిరిగిన పాత లింకు ఎందుకూ పనికిరాదు. అలా కాకుండా డ్రైవ్‌లో పాత ఫైలు మీదే Manage versions ద్వారా కొత్త ప్రతిని ఎక్కిస్తే లింకూ అనుమతీ రెండూ నిలుస్తాయి. గ్రూపులలో ఉన్న పాత సందేశమే కొత్త నియమాలను తెరుస్తుంది.