మేళా ముగిశాక టీచరు రాసే నాలుగు మాటలు

సర్ సి.వి. రామన్ తన ఆవిష్కరణను 1928 ఫిబ్రవరి 28న ప్రకటించారు. 1987 నుంచి ఆ రోజును జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు మన బడుల్లో చాలాచోట్ల పిల్లల మేళాలు జరుగుతాయి. ఒక స్టాల్‌లో అగ్గిపుల్లలనూ సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలనూ కలిపి త్రిభుజాలు, గుడిసెలు కడతారు. అరవింద్ గుప్తా దేశమంతటా పరిచయం చేసిన ఆట ఇది. పక్క స్టాల్‌లో కాగితపు విమానాలు, ఆ పక్కన సబ్బు బుడగలు. రెండు మూడు వందల మంది పిల్లలు ఒకేసారి ఆవరణలోకి వస్తే ఉన్న అయిదారుగురు టీచర్లు ఏ మూలకూ చాలరు. డైట్‌లో చదువుతున్న కాబోయే టీచర్లు, ఆ బడిలోనే పది పాసైన కుర్రాళ్లు, పొదుపు సంఘం అక్కలు, ఊళ్లో వడ్రంగి పని చేసే తండ్రి ఒకరు, ఇలా తలా ఒక స్టాల్ దగ్గర నిలబడితేనే మేళా నడుస్తుంది.

సాయంత్రానికి అందరి గొంతులూ బొంగురుపోతాయి. టీచరు బస్సులో కూర్చుని వాట్సాప్ గ్రూపులో "మేళాను విజయవంతం చేసిన ప్రతి ఒక్కరికీ పేరు పేరునా ధన్యవాదాలు" అని పెడతారు. వెంటనే నమస్కారాల బొమ్మలు వరస కడతాయి. పేరు పేరునా అన్న ఆ మెసేజీలో ఒక్కరి పేరూ ఉండదు. అందులో మర్యాదకు లోటేమీ లేదు. అయితే ఏ మేళాకైనా, ఏ పెళ్లికైనా సరిపోయే ఆ వాక్యంలో తాను చేసిన పని ఎవరికీ కనిపించదు.

చేసిన పని కనిపించేలా రాస్తే ఉత్తరం ఎలా ఉంటుందో చూడటానికి ఒక స్టాల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పేరు 'మునిగే మూత'. ప్లాస్టిక్ సీసా నిండా నీళ్లు పోసి, బాల్‌పెన్ మూత అంచుకు కాస్త బంకమట్టి అద్ది, బోర్లా ఉండేలా అందులో వేసి బిరడా బిగిస్తారు. సీసాను నొక్కితే మూత మునుగుతుంది, వదిలితే తేలుతుంది. నొక్కినప్పుడు మూత లోపలి గాలి కుంచించుకుపోయి ఆ చోటులోకి నీళ్లు చేరతాయి, మూత బరువెక్కుతుంది. వదలగానే గాలి మళ్లీ వ్యాకోచించి నీళ్లను బయటికి నెడుతుంది. చెప్పడానికి ఇంత తేలిక. చేసేటప్పుడు మాత్రం చాలా మూతలు వేసీ వేయగానే అడుగుకు పోతాయి. అందుకు కారణాలు రెండు. మట్టి ఎక్కువ కావడం ఒకటి. రెండోది చాలామంది గమనించనిది: పెన్ను మూత కొసన చిన్న రంధ్రం ఉంటుంది. పిల్లలు పొరపాటున మూత మింగితే ఊపిరి పూర్తిగా ఆగిపోకుండా కంపెనీలు ఉంచే రంధ్రమది. దాని గుండా గాలి బుడగలుగా బయటికి పోతే ఇక మూత తేలదు. పిల్లల వరస పెరిగిపోతుంది, వెనకున్నవాళ్లు తోసుకోవడం మొదలవుతుంది.

ఆ స్టాల్ దగ్గర పొదుపు సంఘం అక్క ఒకామె ఉందనుకుందాం. బుడగలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కనిపెట్టి, కొవ్వొత్తి మైనంతో రంధ్రం మూసింది. తర్వాత ప్రతి మూతనూ ముందు గ్లాసు నీళ్లలో వేసి, కొస మాత్రమే పైకి కనపడేదాకా మట్టి తీసి, అప్పుడు పిల్లల చేతికిచ్చింది. మర్నాడు టీచరు ఆమెకు ఇలా రాయవచ్చు:

"అక్కా, నిన్న పొద్దున మునిగే మూత దగ్గర ఒక్క మూతా తేలక పిల్లలు మొహాలు వేలాడేశారు. కొసన రంధ్రముందని కనిపెట్టి మైనం పెట్టింది మీరే. గ్లాసులో వేసి చూసి ఇవ్వాలన్న ఆలోచనా మీదే, అది మాకు తట్టలేదు. ఆ తర్వాత వరస కదిలింది. చిన్న తరగతి పాప ఒకతె తన మూత మునగ్గానే మిమ్మల్ని కేకేసి పిలవడం నేను చూశాను. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకుండా ఆ స్టాల్ చూసుకున్నారు. చాలా సంతోషం అక్కా. వచ్చేసారి గ్లాసు సంగతి ముందే అందరికీ చెబుతాను, మీరు చెప్పారనే చెబుతాను."

ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. మీరు దేవత, మీ సేవ వెలకట్టలేనిది అని ఎక్కడా అనలేదు. ఆమె ఏం చూసింది, ఏం చేసింది, దానివల్ల ఏం మారింది, అంతే ఉంది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన సారా ఆల్గో బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడానే పరిశీలించింది. జంటలు ఒకరికొకరు కృతజ్ఞత చెప్పుకునే మాటలను రికార్డు చేసి చూశారు. 'నాకు ఎంత మేలు జరిగిందో' అని తమ లాభం చెప్పుకున్న మాటల కన్నా, 'నువ్వు ఇలా చేశావు, నీ తీరు ఇలాంటిది' అని ఎదుటివారి చేతను చెప్పిన మాటలే విన్నవారి మనసును ఎక్కువగా తాకాయి. మన బడి ఉత్తరాలు సాధారణంగా దీనికి ఎదురు నడుస్తాయి. మా పాఠశాలకు పేరొచ్చింది, మా పిల్లలకు లాభం కలిగింది, ఎంఈఓ గారు మెచ్చుకున్నారు, ఇలా అన్నీ 'మా' గురించే ఉంటాయి.

కృతజ్ఞత అందుకున్నవారు తర్వాత ఎలా నడుచుకుంటారన్నదీ పరీక్షించినవారున్నారు. ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జినో 2010లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఒక విద్యార్థి రాసిన ఉద్యోగ దరఖాస్తు ఉత్తరానికి సూచనలిచ్చారు. సగం మందికి సూచనలు అందాయని మాత్రమే జవాబు వచ్చింది. మిగతా సగానికి మనసారా కృతజ్ఞత కూడా అందింది. మరో ఉత్తరానికి సాయం అడిగితే మొదటి గుంపులో 32 శాతం, రెండో గుంపులో 66 శాతం చేశారు. తర్వాతి ప్రయోగంలో సాయం అడిగింది వేరే కొత్త విద్యార్థి. అప్పుడూ 25 శాతానికి బదులు 55 శాతం ముందుకొచ్చారు. తాము పనికొచ్చే మనుషులమని ఎదుటివారు గుర్తించారన్న భావనే ఇందుకు ప్రధాన కారణమని పరిశోధకులు తేల్చారు. మేళా పెట్టే టీచర్లకు ఈ రెండో లెక్కే ముఖ్యం. ఒక బడిలో గుర్తింపు దొరికిన డైట్ విద్యార్థి రేపు ఇంకో బడి పిలిచినా వెళతాడు.

ఇంత వివరంగా రాయాలంటే ఆ రోజే చూసి ఉండాలి. మర్నాడు గుర్తు తెచ్చుకుందామంటే అన్ని స్టాళ్లూ ఒకటిగా కలిసిపోతాయి. గేటు దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి, వచ్చినవారి చేతనే ఇంటిపేరుతో సహా పేరు, ఫోన్ నంబరు రాయించుకోవాలి. అలా చేస్తే ప్రశంసాపత్రంలో పేరు తప్పుగా పడదు. తమ పేరే తప్పుగా ఉన్న కాగితాన్ని ఎవరూ గోడకు పెట్టుకోరు. టీచరు మధ్యలో ఒకసారి అన్ని స్టాళ్లూ తిరిగి, ఒక్కొక్కరి పేరు పక్కన తాను చూసినది ఒక్క ముక్క రాసుకుంటే చాలు: 'మైనం', 'ఏడ్చే బాబును ఎత్తుకున్నాడు', 'సీసాలు మోశాడు'. మర్నాడు ఉత్తరం ఆ ముక్కల్లోంచే వస్తుంది.

ముప్పై మందికి ముప్పై ఉత్తరాలు రాసే తీరిక టీచర్లకు ఉండదన్న మాట నిజమే. ఒక్కొక్కరికి మూడు వాక్యాలు రాసినా చాలు. అదీ కుదరకపోతే స్టాల్‌కు ఒకటి చొప్పున రాసి, అక్కడ నిలబడ్డవారి పేర్లన్నీ అందులో చేర్చవచ్చు. చదవడం రాని అక్కకు, మామకు వాయిస్ మెసేజ్ పంపితే సరిపోతుంది, ఇంటికెళ్లి చెబితే ఇంకా మంచిది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పిల్లల మొహాలు కనిపించే ఫొటోలు, వాళ్ల పేర్లు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఆ మెసేజీలకు జోడించకూడదు.

ఈ జాబితాల్లో చాలాసార్లు జారిపోయేది మధ్యాహ్న భోజనం వండిన అక్కల పేర్లు. స్టాళ్ల దగ్గర ఉండరు కాబట్టి వాళ్లు ఫొటోల్లో పడరు. అది వాళ్ల ఉద్యోగమే కదా అని కొందరంటారు. మేళా రోజు పక్క ఊరి బడి పిల్లలకు కూడా వండి, సాయం చేయడానికి వచ్చినవాళ్లకూ వడ్డించి, చివరి గిన్నె తోమేసరికి సాయంత్రమవుతుంది. అంత పని వాళ్ల ఉద్యోగంలో లేదు. ఈసారి మేళా పెట్టే టీచర్లు గేటు దగ్గర నోటుపుస్తకం తెరవగానే మొదటి గీత మీద వాళ్ల పేర్లే రాయండి.