ఆమె డేట్‌కి వెళ్తున్నానంటే...

హైదరాబాద్‌లో ఒకే ఆఫీసు. టీ తాగుతూ ఆమె అంటుంది: "ఆదివారం ఒకతనితో డేట్‌కి వెళ్తున్నా." మీకు ఆమె అంటే ఇష్టం, ఇంకా చెప్పలేదు. గుండె దడదడలాడుతుంది.

ఆ క్షణంలో నోటికొచ్చేది "ఎవడు వాడు?" అనే ప్రశ్న. అది ఆరా తీసినట్టుంటుంది. ముందు ఒక గుక్క టీ తాగి, ఊపిరి నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, మాట తడబడదు. అప్పుడు నవ్వుతూ, "అబ్బో! బిర్యానీ బాగాలేకపోతే మాత్రం సోమవారం నాకే చెప్పుకోవాలి" అనండి. సరదా బిర్యానీ మీద ఉండాలి, అతని మీద కాదు. అతన్ని వెక్కిరిస్తే ఆమె ఎంపికను వెక్కిరించినట్టే.

ఆమె నవ్వి ఇంకా చెబితే మాట కుదిరినట్టు. ఫోన్‌లోకి తల దించితే గుచ్చుకున్నట్టు. రెండో జోకు వద్దు, మాట మార్చండి. లేని డేట్ మీకూ ఉందని కల్పించడం, మెసేజ్‌కి కావాలని ఆలస్యంగా జవాబివ్వడం అలకే అవుతుంది, ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది.

ఆమె ఎందుకు చెప్పిందో ఆ ఒక్క వాక్యంతో తేల్చలేం. స్నేహంగా చెప్పి ఉండొచ్చు, మీ ముఖం చూడాలనీ ఉండొచ్చు. "నీకేమీ అనిపించలేదా?" అని ఆమే అడిగితే సరదా పక్కనపెట్టండి. "కొంచెం అసూయగా ఉంది. నువ్వంటే నాకిష్టం" అని ఉన్నది చెప్పేయండి, జవాబు కోసం ఒత్తిడి పెట్టకండి.