గొంతుతో జత కలిసే గీత

2007లో అమెరికాలో యూపీఎస్ అనే పార్సిల్ సంస్థ ప్రకటనల్లో ఒకాయన తెల్లబోర్డు ముందు నిలబడి, గోధుమరంగు మార్కర్‌తో బొమ్మలు గీస్తూ సంస్థ సేవల గురించి చెప్పేవాడు. ఆయన నటుడు కాదు. ఆ ప్రకటనలు తయారుచేసిన మార్టిన్ ఏజెన్సీలో క్రియేటివ్ డైరెక్టర్ ఆండీ అజులా. 2010లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వీడియోల్లో మనిషి తెర వెనక్కి వెళ్లాడు. రచయిత డేనియల్ పింక్ ప్రసంగం వినిపిస్తుంటే చిత్రకారుడు ఆండ్రూ పార్క్ చెయ్యి గీసుకుపోతుంది. 2012లో బ్రిస్టల్‌కు చెందిన స్పార్కోల్ సంస్థ వీడియోస్క్రైబ్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాక ఆ చెయ్యి కూడా ఫొటోగా మారింది. గీత దానంతటదే పెరుగుతుంది, చేతి ఫొటో దాని కొసను అంటిపెట్టుకుని కదులుతుంది.

అప్పటినుంచి చిన్న వ్యాపారి కూడా ఇలాంటి వీడియో చేయించుకోగలుగుతున్నాడు. బొమ్మలు దొరుకుతాయి. కష్టమంతా గీతను గొంతుతో కలపడంలోనే ఉంది.

మాటా బొమ్మా కలిసి రావడం ఎందుకు ముఖ్యమో మనస్తత్వ పరిశోధకులు రిచర్డ్ మేయర్, రిచర్డ్ ఆండర్సన్ 1991లో సైకిల్ పంపు యానిమేషన్‌తో చేసిన ప్రయోగాల్లో చూపించారు. వివరణ ముందు విని బొమ్మ తర్వాత చూసినవాళ్లకంటే, రెండూ ఒకేసారి అందినవాళ్లు పంపు గురించిన సమస్యలను మెరుగ్గా పరిష్కరించారు.

సోలార్ వాటర్ హీటర్లు అమ్మే దుకాణం వీడియోలో ఒక వాక్యం ఉందనుకుందాం: "ఎండకు గొట్టాల్లోని నీళ్లు వేడెక్కి, తేలికై, పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి." ముందు గొంతు రికార్డు చేసి, ఏ మాట ఎన్నో సెకనులో పడిందో రాసుకోవాలి. 'ఎండ' మొదట్లోనే వచ్చింది. 'గొట్టాలు' 1వ సెకనులో, 'ట్యాంకు' 5వ సెకనులో, 'ఎక్కుతాయి' ఆరున్నర దగ్గర పడ్డాయి. వీడియోస్క్రైబ్‌లో ప్రతి బొమ్మకూ మూడు సమయాలుంటాయి: గీయడానికి, ఆగడానికి, తర్వాతి బొమ్మకు జరగడానికి. గొట్టాలు గీయడానికి 2 సెకన్లు, ఆగడానికి ఒకటిన్నర, జరగడానికి అర ఇస్తే మొత్తం 4. సరిగ్గా 5వ సెకనులో ట్యాంకు మొదలవుతుంది.

గొట్టాలను మరీ గబగబా గీసినట్టుందని గీత సమయాన్ని 3 చేస్తే ట్యాంకుతోపాటు ఆ తర్వాతి బొమ్మలన్నీ ఒక సెకను వెనకబడతాయి. బొమ్మలు ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంటాయి కాబట్టి ఆ లోటు వీడియో చివరిదాకా పోదు. పెంచిన సెకనును అదే బొమ్మ విరామంలోంచి తీసుకోవాలి.

నీళ్లు ఎక్కడాన్ని చూపే బాణం దగ్గర ఇంకో చిక్కుంది. ఎస్‌వీజీ బొమ్మలో గీత ఏ కొసనుంచి మొదలై ఉంటే తెరమీద అటునుంచే పెరుగుతుంది. చిత్రకారుడు ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ఉంటే, గొంతు 'ఎక్కుతాయి' అంటుండగా బాణం కిందికి దిగుతుంది. అప్పుడు గీత దిశను తిప్పాలి.

ఇదే వాక్యాన్ని ఇంగ్లిష్‌లో చెబితే ఎక్కడం ముందు వచ్చి, ట్యాంకు తర్వాత వస్తుంది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది. అందుకే ఇంగ్లిష్ వీడియోకు తెలుగు గొంతు మాత్రం అతికిస్తే, ట్యాంకు పేరు వినేసరికి తెరమీద బాణం కనిపిస్తుంది. తెలుగులో వీడియో చేయించుకునే వ్యాపారులు గొంతుతోపాటు బొమ్మల వరుస కూడా మార్పించుకోవాలి.