కూలి పెంచితే పని తగ్గుతుందా?

కనీస వేతనం పెంచితే ఉపాధి ఏమవుతుంది? డిగ్రీ ఎకనమిక్స్ పేపర్లో, పోటీ పరీక్షల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. విద్యార్థుల్లో చాలామంది డిమాండ్ రేఖ, సప్లయి రేఖ గీసి, వాటి పైన అడ్డంగా ఒక గీత పెట్టి, ‘నిరుద్యోగం పెరుగుతుంది’ అని ముగించేస్తారు. అది సగం జవాబే. కూలీలను పనిలోకి తీసుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది తేల్చకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. పోటీ ఉన్నచోట ఉద్యోగాలు పోగొట్టే వేతనమే, యజమాని ఒక్కడే ఉన్నచోట ఉద్యోగాలు పెంచవచ్చు. ఇది ఎలా సాధ్యమో అంకెలు వేసి చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. అందుకే ఒక చిన్న లెక్క చేద్దాం.

ముందు పోటీ ఉన్న సంగతి. ఒక పట్నంలో వందలాది దుకాణాలు, మిల్లులు కూలీల కోసం పోటీ పడుతున్నాయనుకుందాం. రోజుకూలి 460 రూపాయల దగ్గర పనికి వచ్చేవాళ్లు 800 మంది, కావలసినవాళ్లు కూడా 800 మంది. ఏ ఒక్క యజమానికీ ఈ రేటును మార్చే శక్తి లేదు. అతను 450 ఇస్తానంటే కూలీ పక్క దుకాణానికి పోతాడు. ఇప్పుడు ప్రభుత్వం 500 కంటే తక్కువ ఇవ్వకూడదని చట్టం చేసింది. కూలి పెరిగింది కాబట్టి యజమానులు 600 మందినే పెట్టుకుంటారు. అదే సమయంలో, ఆ కూలి వస్తుందంటే పనికి సిద్ధపడేవాళ్లు 1000 మంది అవుతారు.

ఇక్కడే చాలా జవాబుపత్రాల్లో ఒక తప్పు దొర్లుతుంది. పని దొరకనివాళ్లు 400 మంది అన్నది నిజమే. అంటే 400 ఉద్యోగాలు పోయాయని రాస్తే మాత్రం మార్కులు పోతాయి. పోయిన ఉద్యోగాలు 200. మిగిలిన 200 మంది అంతకుముందు పని వెతకనివాళ్లు, పెరిగిన కూలి చూసి కొత్తగా వచ్చినవాళ్లు. ఉపాధి తగ్గడం వేరు, నిరుద్యోగం పెరగడం వేరు. ఈ రెండు అంకెలనూ విడివిడిగా చెప్పిన విద్యార్థికి విషయం అర్థమైందని దిద్దేవారికి వెంటనే తెలుస్తుంది. ఎంతమందికి పని పోతుందన్నది డిమాండ్ రేఖ వాలును బట్టి ఉంటుందని ఒక వాక్యం చేర్చితే పోటీ మార్కెట్ వరకు జవాబు పూర్తయినట్లే.

ఇప్పుడు పట్నం వదిలి ఒక మారుమూల ఊరికి వెళ్దాం. ఊళ్లో ఒకే ఒక్క బియ్యం మిల్లు ఉంది. పక్క ఊరికి పోవాలంటే బస్సు లేదు, ఇంట్లో పిల్లల్నీ ముసలివాళ్లనీ వదిలి పోయే వీలూ లేదు. ఇలా శ్రమను కొనేవాడు ఒక్కడే ఉన్న మార్కెట్‌ను మోనోప్సనీ అంటారు. కేంబ్రిడ్జి ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లో అసంపూర్ణ పోటీ మీద రాసిన పుస్తకంతో ఈ మాట ఎకనమిక్స్‌లోకి వచ్చింది.

ఆ మిల్లుకు మొదటి కూలీ రావాలంటే రోజుకు 320 ఇవ్వాలి. ఇద్దరు కావాలంటే 340, ముగ్గురికి 360. ఇలా ఒక్కొక్కరు పెరిగేకొద్దీ కూలి 20 చొప్పున పెంచాలి. ఎందుకంటే తక్కువకు వచ్చేవాళ్లు ముందే వచ్చేస్తారు, మిగిలినవాళ్లను కదిలించాలంటే ఇంకాస్త ఎక్కువ ఇవ్వాలి. మరోవైపు మొదటి కూలీ వల్ల మిల్లుకు రోజుకు 600 రూపాయల ఆదాయం వస్తుంది. రెండో మనిషి వల్ల 580, మూడో మనిషి వల్ల 560, ఇలా 20 చొప్పున తగ్గుతూ పోతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఉపాంత ఆదాయ ఉత్పత్తి అంటారు.

మిల్లులో ఇప్పుడు అయిదుగురు ఉన్నారు, తలా 400 తీసుకుంటున్నారు. ఆరో మనిషిని పెట్టుకోవాలా వద్దా అని యజమాని ఆలోచిస్తున్నాడు. ఆరో మనిషి 420కి గానీ రాడు. అతని వల్ల వచ్చే ఆదాయం 500. చూడ్డానికి 80 లాభం. కానీ ఒకే పని చేసేవాళ్లలో ఒకరికి 420, మిగిలినవాళ్లకు 400 ఇస్తే గొడవ అవుతుంది, కాబట్టి పాత అయిదుగురికీ తలా 20 పెంచాలి. అది మరో 100. అంటే ఆరో మనిషి అసలు ఖరీదు 420 కాదు, 520. వచ్చేది 500, అయ్యేది 520. యజమాని అయిదుగురితో ఆగిపోతాడు.

మోనోప్సనీలో ఉన్న కీలకమంతా ఈ ఆరో మనిషి లెక్కలోనే ఉంది. కొత్త మనిషి కోసం పాతవాళ్ల కూలి కూడా పెంచాల్సి రావడం వల్ల శ్రమ ఉపాంత వ్యయం కూలి కంటే ఎక్కువగా ఉంటుంది. బొమ్మలో ఆ రేఖ సప్లయి రేఖకు పైన ఉండి, ఇంకా నిటారుగా పోతుంది. యజమాని ఆ రేఖ డిమాండ్ రేఖను తాకేచోట ఎంతమంది కావాలో నిర్ణయించుకుంటాడు. కూలి మాత్రం అక్కడి నుంచి కిందికి, సప్లయి రేఖ దాకా దిగి చూసి ఇస్తాడు. అందుకే అయిదో మనిషి 520 రూపాయల ఆదాయం తెచ్చినా చేతికి 400 మాత్రమే వస్తుంది. పరీక్షలో కూలిని పైన రేఖలు కలిసేచోట చూపించడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. ఆ చుక్కల గీత సప్లయి రేఖ దాకా దిగాలి.

ఇదే ఊళ్లో చాలా మిల్లులు పోటీ పడి ఉంటే ఎనిమిది మందికి 460 చొప్పున పని దొరికేది. మోనోప్సనీ వల్ల కూలి 60 తగ్గింది, పని ముగ్గురికి తగ్గింది. తక్కువ కూలి, తక్కువ ఉపాధి రెండూ ఒకేసారి వచ్చాయి.

ఇప్పుడు చట్టం 460 కనీస వేతనమంది. యజమాని లెక్క మొత్తం మారిపోతుంది. ఎవరికైనా 460 ఇవ్వాల్సిందే కాబట్టి ఆరో మనిషిని పెట్టుకుంటే పాతవాళ్లకు కొత్తగా పెంచాల్సింది ఏమీ లేదు. ఆరో మనిషి ఖరీదు ఇప్పుడు సరిగ్గా 460, తెచ్చే ఆదాయం 500. పెట్టుకుంటాడు. ఏడో మనిషి 480 తెస్తాడు, అతన్నీ పెట్టుకుంటాడు. ఎనిమిదో మనిషి 460 తెస్తాడు, అక్కడ ఆగుతాడు. కూలి 400 నుంచి 460కి పెరిగింది, పని అయిదుగురి నుంచి ఎనిమిది మందికి పెరిగింది. యజమాని మనసు కరిగిందేమీ లేదు, అతను ఇప్పటికీ తన లాభమే చూసుకుంటున్నాడు. చట్టం ఉపాంత వ్యయ రేఖను కొంతదూరం అడ్డగీతగా మార్చింది, అంతే.

అయితే ఎంత పెంచినా ఉపాధి పెరుగుతుందని రాయకండి. కనీస వేతనం 480 అయితే ఏడుగురికే పని, వచ్చేవాళ్లు తొమ్మిది మంది. 500 అయితే ఆరుగురికి. 520 దగ్గర మళ్లీ అయిదుగురే, అంటే చట్టం రాకముందు ఉన్న సంఖ్యే. 540కి పోతే నలుగురు. 400, 520 మధ్య ఎక్కడ పెట్టినా ఉపాధి మునుపటి కంటే తగ్గదు, పోటీ కూలి అయిన 460 దగ్గర గరిష్ఠంగా పెరుగుతుంది. 520 దాటితే తగ్గుతుంది. ఈ పై హద్దు చట్టానికి ముందు చివరి కూలీ తెచ్చిన ఆదాయమే. ఇంకో సంగతి: 460 దాటాక పని అడిగేవాళ్లందరికీ పని దొరకదు. అంటే మునుపటి కంటే ఉపాధి ఎక్కువగా ఉంటూనే నిరుద్యోగం కూడా కనిపించవచ్చు.

దీర్ఘకాలం సంగతి చాలామంది మరచిపోతారు. అయిదుగురు ఉన్నప్పుడు మిల్లుకు రోజుకు 2800 వచ్చేది, కూలికి 2000 పోగా 800 మిగిలేది. 460 చొప్పున ఎనిమిది మంది ఉన్నప్పుడు 4240 వస్తుంది, 3680 కూలికి పోతుంది, 560 మిగులుతుంది. మిల్లు అద్దె, కరెంటు కలిపి రోజుకు 500 అయితే మిల్లు నడుస్తుంది. అదే 600 అయితే ఒకప్పుడు 200 లాభంలో ఉన్న మిల్లు ఇప్పుడు 40 నష్టంలో పడుతుంది, కొన్నాళ్లకు మూతపడుతుంది. అప్పుడు ఎనిమిది మందికీ పని ఉండదు. మోనోప్సనీ సిద్ధాంతాన్ని ఇష్టపడేవాళ్లు కూడా ఈ లెక్కను పక్కన పెట్టకూడదు.

ఇదంతా కాగితం మీది ఊరు. నిజం ప్రపంచంలో ఏం జరిగింది? అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్ 1న కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, ఆలన్ క్రూగర్ ఆ రెండుచోట్లా 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పెంపుకు ముందూ తర్వాతా పరిశీలించారు. న్యూజెర్సీలో ఉపాధి తగ్గిన దాఖలా కనిపించలేదని 1994లో ప్రచురించారు. న్యూమార్క్, వాషర్ అనే ఆర్థికవేత్తలు వేతన రికార్డుల ఆధారంగా దాన్ని గట్టిగా ప్రశ్నించారు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ న్యూజెర్సీ ఫలితమే మోనోప్సనీకి రుజువని రాయడం తొందరపాటు. మన మిల్లు నమూనాలో ఉపాధితో పాటు ఉత్పత్తీ పెరుగుతుంది కాబట్టి ధరలు పెరగకూడదు. అక్కడ మాత్రం భోజనం ధరలు పెరిగాయి. ఒక్క మోనోప్సనీతో ఆ కథంతా చెప్పలేం.

నాకు ఇంతకంటే గట్టి సాక్ష్యంగా కనిపించేది మన దగ్గరే ఉంది. అది కనీస వేతన చట్టం కాదు, ఉపాధి హామీ పథకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలిని స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించే పద్ధతిని ఏ మండలాల్లో ముందు, ఏ మండలాల్లో తర్వాత మొదలుపెట్టాలో లాటరీ తరహాలో నిర్ణయించారు. మొత్తం 157 మండలాలు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ వాటిని పోల్చి చూశారు. హామీ పని సక్రమంగా అమలైన మండలాల్లో ప్రైవేటు పనుల కూలి పెరిగింది. పోటీ మార్కెట్ పాఠం ప్రకారం ప్రైవేటు ఉపాధి తగ్గాలి. తగ్గలేదు, పెరిగింది. అంతకంటే ముఖ్యం, భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడిన గ్రామాల్లో ఆ పెరుగుదల ఎక్కువగా ఉంది. అంటే కూలికి పిలిచేవాళ్లు తక్కువమంది ఉన్నచోటే ఎక్కువ. మిల్లు లెక్క చెప్పే మాటకు ఇది దగ్గరగా వస్తుంది. ‘ఇక్కడ కాకపోతే ఉపాధి హామీకి పోతా’ అనగలిగిన కూలీ ఎదుట, కూలి తక్కువ ఇచ్చి తక్కువమందితో సరిపెట్టుకునే శక్తి ఆసామికి తగ్గింది.

పరీక్ష రాసేవారు ఈ ప్రశ్న కనబడగానే ముందు రెండు బొమ్మలు వేరువేరుగా గీయండి. రెండో బొమ్మలో ఉపాంత వ్యయ రేఖను మరచిపోకండి. కనీస వేతనం ఏ స్థాయిలో ఉందో, పోటీ కూలికి పైనో కిందో, బొమ్మ మీద గుర్తు పెట్టకుండా ఉపాధి పెరుగుతుందనీ తగ్గుతుందనీ ఒక్క వాక్యమైనా రాయకండి.