రెండు గరిటెల్లో కందిపప్పు ఎంత?

"నిన్న మధ్యాహ్నం పప్పు ఎంత వేసుకున్నారమ్మా?" అని పోషకాహార నిపుణురాలు అడుగుతుంది. "రెండు గరిటెలు" అని జవాబు వస్తుంది. ఏ గరిటె? ఇంటింటికీ సైజు మారుతుంది. అందుకే రోజూ వడ్డించే గరిటెనే తెప్పించి, అంచుదాకా నీళ్లు నింపి కొలగ్లాసులో పోయాలి. 90 మిల్లీలీటర్లు వచ్చిందనుకుందాం. రెండు గరిటెలంటే 180.

దాన్ని 180 గ్రాముల కందిపప్పని రాసేస్తే లెక్క ఘోరంగా తప్పుతుంది. ఉడికిన పప్పులో ఎక్కువ భాగం నీరే. కాబట్టి వండినవారిని అడగాలి: పచ్చిపప్పు ఎంత పోశారు, ఉడికాక గిన్నెలో ఎంతవరకు వచ్చింది? 150 గ్రాములు పోస్తే 1,200 మిల్లీలీటర్ల పప్పు తయారైందనుకోండి. 150ని 1,200తో భాగించి 180తో గుణిస్తే 22.5 గ్రాములు. ఆమె తిన్న కందిపప్పు అంతే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సర్వేల్లో ప్రామాణిక కప్పులతో చేసే లెక్క కూడా ఈ దారిలోనిదే. నూనె, కూరగాయల వాటా కూడా ఇలాగే తేలుతుంది.

అన్నం విషయంలో మాత్రం నీళ్ల కొలత నమ్మలేం, ఎందుకంటే అన్నం గరిటె మీద పోగుపడుతుంది. రోజూలాగే కంచంలో వడ్డించమని, దాన్ని త్రాసు మీద తూయడం మేలు.

చివరగా ఒక పరీక్ష నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఇంట్లో అందరూ తిన్నదీ మిగిలిందీ కలిపితే వండినదానికి దగ్గరగా రావాలి. బాగా తేడా వస్తే, ఎవరి గరిటెలో మళ్లీ అడగాల్సిందే.