క్యారేజీలో ఒక చీటీ

హోటల్ గోడ మీద ధరల బోర్డు మనందరికీ తెలిసిందే. ఇడ్లీ పక్కనున్న అంకె మీద తెల్ల కాగితం ముక్క అతికించి, స్కెచ్ పెన్నుతో కొత్త అంకె వేస్తారు. కింద ఒక వాక్యం: ‘అనివార్య కారణాల వలన ధరలు పెంచబడినవి. సహకరించగలరు.’ ఎవరు పెంచారో ఆ వాక్యంలో లేదు. ఆ కారణాలేమిటో లేదు. ఎప్పటినుంచో కూడా లేదు. ఇంట్లో ఎవరూ ‘అన్నం వండబడినది’ అనరు. పైకి చెప్పడానికి మొహమాటపడే చోటే మన భాషలోకి ఈ ‘బడు’ దిగుతుంది. చదివినవాడికి అర్థమయ్యేది ఒక్కటే: ఈయన నా మొహం చూసి చెప్పలేకపోయాడు.

ఈ మాటలు నాకు తట్టింది మా వీధిలో క్యారేజీలు పంపే ఒకావిడ వల్ల. కాకినాడలో అరవై ఇళ్లకు, గదులకు రోజూ మధ్యాహ్నం భోజనం పంపుతుంది. ఒంటరిగా ఉండే ఉద్యోగులు, రిటైరైన దంపతులు, పరీక్షలకు చదువుకునే పిల్లలు ఆమె ఖాతాదారులు. అందరూ ‘పిన్నిగారూ’ అనే పిలుస్తారు. క్యారేజీ 90 రూపాయలు. ఆదివారాలు తీసేసి నెలకు 26 రోజులకు 2,340. ఏడాదిన్నరగా అదే ధర. పెంచాలని మూడు నెలలుగా అనుకుంటూ, చెప్పలేక వాయిదా వేస్తూ వచ్చింది. ‘ఒక్కసారిగా సగంమంది మానేస్తే ఏం చేయను బాబూ?’ అని ఒకరోజు లెక్కల పుస్తకం నా ముందు పెట్టింది.

ఏడాదిన్నర కిందట క్యారేజీకి సరుకులు 48 రూపాయలు, గ్యాస్ 6, వంటమనిషి జీతమూ క్యారేజీలు అందించే కుర్రాడి జీతమూ కలిపి 18 పడేవి. మొత్తం 72 పోగా 18 మిగిలేది. ఇప్పుడు సరుకులు 54, గ్యాస్ 7, జీతాలు 21. మొత్తం 82. మిగిలేది ఎనిమిది రూపాయలు. అంటే రోజుకు 1,080 రూపాయలు చేతికొచ్చే చోట 480 వస్తోంది. వంటగది అద్దె, సొట్టపోయిన క్యారేజీలకు బదులు కొత్తవి కొనడం, ఆమె సొంత కష్టం అన్నీ ఆ 480లోంచే.

పది రూపాయలు పెంచితే మళ్లీ 18 మిగులుతుంది. ఎంతమంది మానేసినా ఇప్పటికంటే నష్టం రాదో చూద్దామని నేను గబగబా 480ని 18తో భాగించాను. 27 మంది మిగిలినా చాలు, 33 మంది మానేసినా ఫర్వాలేదు అన్నాను. ఆమె నవ్వింది. ‘క్యారేజీలు తగ్గాయని వంటమనిషి జీతం తగ్గించుకుంటుందా?’

నిజమే. సరుకులూ గ్యాసూ క్యారేజీల లెక్కను బట్టి తగ్గుతాయి, జీతాలు తగ్గవు. రోజుకు 1,260 రూపాయల జీతాలు ఎంతమంది ఉన్నా ఇవ్వాల్సిందే. కనుక వంద రూపాయల క్యారేజీలోంచి సరుకులు, గ్యాస్ 61 తీసేసి, మిగిలిన 39తో ముందు ఆ 1,260 పూడ్చాలి. ఆపైన 480 మిగలాలంటే 45 మంది ఉండాలి. పదిహేనుమంది మానేసేదాకా ఆమెకు ఇప్పటికంటే తక్కువ రాదు, పదహారో మనిషి వెళ్తే తగ్గుతుంది. చిన్న వ్యాపారం చేసేవాళ్లు కస్టమర్లకు చీటీ రాసేముందు వేసుకోవలసిన లెక్క ఇదే. పదిహేను అనే అంకె కళ్లముందు ఉంటే ప్రాధేయపడే ధోరణి దానంతటదే పోతుంది. ఆ అంకె రెండో మూడో అయితే మాత్రం ధర పెంచడం కాదు, వేరే దారి వెతుక్కోవాలి.

వేరే దారి అనగానే చాలామందికి తట్టేది చెప్పకుండా తగ్గించడం. పెరుగు పల్చనవుతుంది, చట్నీలో నీళ్లు చేరతాయి, వేపుడు వారానికి మూడుసార్ల బదులు ఒక్కసారే వస్తుంది. కస్టమర్ చూడడని అనుకుంటారు. చట్నీ విషయంలో తెలుగువాడి నాలుకను మోసం చేయగలమని అనుకోవడం వట్టి అమాయకత్వం. పైగా ధర పెరిగిందని అలిగినవాడు కారణం చెప్పి వెళ్తాడు. రుచి తగ్గిందని వెళ్లేవాడు ఏమీ చెప్పడు. ఎందుకు పోయాడో కూడా తెలియదు.

ఏ పెంపు న్యాయమనిపిస్తుంది, ఏది అన్యాయమనిపిస్తుంది అన్నది ఆర్థికవేత్తలు అడిగి చూశారు. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1986లో అచ్చువేసిన పరిశోధన కోసం కెనడాలో జనానికి ఫోన్ చేసి ప్రశ్నలు వేశారు. ఒక దుకాణం మంచు తీసే పారను 15 డాలర్లకు అమ్ముతోంది, పెద్ద మంచు తుపాను పడిన మర్నాడు 20 చేసింది, ఇది న్యాయమేనా? నూటికి 82 మంది అన్యాయం అన్నారు. ఇంకో ప్రశ్న: రవాణా ఇబ్బందుల వల్ల లెట్యూస్ అనే ఆకుకూర టోకు ధర 30 సెంట్లు పెరిగింది, కొట్టువాడు తనూ 30 సెంట్లే పెంచాడు. 79 మంది ఒప్పుకోవచ్చు అన్నారు. జనానికి ధర పెరగడం మీద కోపం కాదు. తమ అవసరం చూసి పెంచితే కోపం. అమ్మేవాడి ఖర్చు పెరిగి, పెరిగినంతే వేస్తే అర్థం చేసుకుంటారు. పిన్నిగారి విషయంలో పది పెరిగింది, పదే వేస్తోంది. ఆ మాట చీటీలో ఉండాలి.

మొదట ఆమె రాసింది చూపించింది. ఒకటిన్నర పేజీ. ఉల్లి, టమాటా, నూనె, గ్యాస్ బండ, కుర్రాడి బండికి పెట్రోలు, మోకాళ్ల నొప్పులు, అల్లుడి ఉద్యోగం పోవడం, మూడుచోట్ల ‘దయచేసి మన్నించండి’. కొత్త ధర చివరి వాక్యంలో ఎక్కడో ఉంది. చదివేవాడు ఆ అంకె కోసమే చూస్తాడు, అది దొరికేదాకా మిగతావేవీ బుర్రకెక్కవు. పైగా పది కారణాలు చెబితే ఒకటి సాకులా కనిపిస్తుంది, ఆ ఒక్కదాంతో మిగతా తొమ్మిదీ పోతాయి. మోకాళ్ల నొప్పి నిజమే. కానీ అది చదివిన మనిషి జాలిపడాలా, డబ్బు కట్టాలా తేల్చుకోలేడు.

ఒకే సరుకును పట్టుకుని కారణంగా చెప్పడంలో ఇంకో చిక్కుంది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. 2025 మే నెలాఖరులో దాన్నే 10కి తగ్గించింది. హోటళ్లు వాడే 19 కిలోల గ్యాస్ బండ ధరను కంపెనీలు సాధారణంగా ప్రతి నెలా 1వ తేదీన సవరిస్తుంటాయి, అది ఒక నెల ఎక్కుతుంది, ఒక నెల దిగుతుంది. ‘నూనె పెరిగింది కాబట్టి’ అని రాసినవాళ్లను ఎనిమిది నెలల తర్వాత ‘మరి ఇప్పుడు తగ్గిందిగా?’ అని అడిగితే జవాబుండదు. అందుకని మొత్తం ఖర్చు ఎంత పెరిగిందో చెప్పడం మంచిది. కుర్రాడి జీతం మళ్లీ వెనక్కి రాదు కదా.

నాలుగుసార్లు కొట్టేసి రాసుకున్నాక మిగిలింది ఇది:

‘నమస్కారం. వచ్చే నెల 1వ తేదీ నుంచి క్యారేజీకి 90 బదులు 100 రూపాయలు తీసుకుంటాను. నెలకు 2,600 అవుతుంది. ఏడాదిన్నరగా ధర మార్చలేదు. ఈలోగా సరుకులు, గ్యాస్, జీతాలు కలిసి క్యారేజీకి పది రూపాయలు పెరిగాయి. ఆ పదే వేస్తున్నాను. కూరలు, పప్పు, పెరుగు, కొలత ఇప్పుడున్నట్టే ఉంటాయి. ముందుగా డబ్బు కట్టినవాళ్లకు ఆ గడువు అయ్యేదాకా పాత ధరే. అన్నం ఇంట్లో వండుకుంటామంటే మిగతావన్నీ 85కు పంపగలను. అడగాల్సిందేమైనా ఉంటే మధ్యాహ్నం మూడు తర్వాత ఫోన్ చేయండి.’

క్షమాపణ ఎక్కడా లేదు. అయినా కటువుగా లేదు. ఆ మెత్తదనం తేదీ ముందే చెప్పడంలో ఉంది, పాత మాట నిలబెట్టుకోవడంలో ఉంది, ఫోన్ చేయమనడంలో ఉంది. 85 రూపాయల దారి కూడా లెక్క చూసి పెట్టిందే. అన్నం మానేస్తే ఆమెకు బియ్యం, గ్యాస్ కలిపి 13 రూపాయలు మిగులుతాయి. కాబట్టి 39 బదులు 37 వస్తుంది, రెండు రూపాయలే తేడా. వంద భారమైనవాడు పూర్తిగా మానేయకుండా ఆగడానికి ఒక మెట్టు దొరుకుతుంది. అలాగని మూడు నాలుగు రకాలు పెడితే వంటగదిలో ఏ క్యారేజీ ఎవరిదో తెలియక మొదటివారమే తలనొప్పి మొదలవుతుంది.

చీటీ 12వ తేదీన క్యారేజీ పైగిన్నెలో పెట్టి పంపింది. జనం జీతాలు అందుకుని లెక్కలు వేసుకునేది నెల మొదట్లో. అప్పటికి ఈ 260 రూపాయలు వాళ్ల మనసులో ఉండాలి. డబ్బు అడిగే రోజునే కొత్త ధర చెబితే అది కబురు కాదు, దెబ్బ. మొదటినుంచీ ఉన్న ఏడెనిమిదిమందికి ముందురోజే ఫోన్ చేసింది. కుర్రాడికి కూడా అంతా వివరించింది. నేను ఆ సంగతి ఆలోచించనేలేదు. గుమ్మం దగ్గర ప్రశ్నలు పడేది వాడికే. ‘నాకు తెలీదండీ, అమ్మగారినడగండి’ అని వాడు బిక్కమొహం వేస్తే చీటీ అంతా వృథా.

‘పాత కస్టమర్ని, నాకు మాత్రం పాత ధర ఉంచండి’ అని ఇద్దరు అడిగారు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒకరికి 90, ఎదురింటికి 100 అయితే అది లిఫ్టులోనే బయటపడుతుంది. ‘ఈ నెలాఖరులోగా వచ్చే నెల డబ్బు కడితే ఆ ఒక్క నెలా పాత ధరే, ఎవరికైనా సరే’ అని ఆమె అందరికీ వర్తించే మాట చెప్పింది. పదకొండుమంది అలా కట్టారు.

ఆమె కారప్పొడి, కందిపొడి కూడా ప్యాకెట్లలో అమ్ముతుంది. వాటి సంగతి వేరు. ప్యాకెట్ మీద ఒకసారి అచ్చయిన ఎంఆర్‌పీని మించి తీసుకోకూడదు, దాని మీద ఎక్కువ ధర స్టిక్కర్ అంటించకూడదు. కొత్త ధర కొత్తగా కట్టే ప్యాకెట్లకే.

పాత ధరకు కట్టినవాళ్ల నెల కూడా అయిపోయాక లెక్క చూసుకుంటే ఆరుగురు మానేశారు. అయిదుగురు అన్నం వద్దన్నారు. రోజుకు 480 మిగిలే చోట ఇప్పుడు 836 మిగులుతోంది. పాత 1,080 దాకా ఇంకా రాలేదు, ఆ ఆరుగురి చోట్లు నిండాలి. మానేసినవాళ్లలో ఒకాయన ఫోన్ చేసి చెప్పిన కారణం ఆమెను కాస్త కలవరపెట్టింది. ధర సంగతి కాదట. గురువారం మజ్జిగ పులుసులో అల్లం ఎక్కువవుతోందని ఆర్నెల్ల నుంచీ చెప్పాలనుకుంటున్నాడట.